విశాఖ తీరంలో స్టెయిన్‌లెస్ స్టీల్ రైలింగ్‌కు కొటేషన్ అడగడం: తరచుగా అడిగే ప్రశ్నలు

లాసన్స్ బే దగ్గర మేముండే అపార్ట్‌మెంట్‌లో టెర్రస్ పిట్టగోడ మీది ఇనుప రైలింగ్ ఉప్పుగాలికి తుప్పు పట్టి, రెండు మూడు చోట్ల చేత్తో ఊపితే కదిలే స్థితికి వచ్చింది. దాని స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీల్ రైలింగ్ వేయించాలని సంఘం నిర్ణయించి, కొటేషన్లు తెప్పించే బాధ్యతను నాకు అప్పగించింది. ఒక కర్మాగారం స్టోర్స్, కొనుగోలు విభాగాల్లో చాలా ఏళ్లు పనిచేసిన నేను కూడా మొదటిసారి తొందరపడి తప్పు చేశాను. ఆ తర్వాత ఇదే పని తలపెట్టిన ఇతర అపార్ట్‌మెంట్ల వారు అడిగిన ప్రశ్నలను, వాటికి నేను చెప్పిన సమాధానాలను ఇక్కడ ఒకచోట చేర్చాను.

మూడు కొటేషన్లు తెప్పించాం. ధరల మధ్య రెట్టింపుకు పైగా తేడా ఉంది. ఎవరు మోసం చేస్తున్నట్టు?

చాలా సందర్భాల్లో ఎవరూ మోసం చేయడం లేదు. మీరు ఒకే వస్తువును అడిగానని అనుకున్నారు, వారు మాత్రం మూడు వేర్వేరు వస్తువులకు ధర చెప్పారు. నేను మొదటిసారి ముగ్గురు ఫ్యాబ్రికేటర్లకు ఫోన్ చేసి, "టెర్రస్‌కు స్టెయిన్‌లెస్ స్టీల్ రైలింగ్ కావాలి, సుమారు రెండు వందల అడుగులు ఉంటుంది, అడుగుకు ఎంతవుతుందో చెప్పండి" అని మాత్రమే అడిగాను. ఒకరు అడుగుకు 750 రూపాయలు, మరొకరు 1,100, మూడోవారు 1,650 చెప్పారు. సంఘం సమావేశంలో అందరూ సహజంగానే 750 వైపు మొగ్గారు.

తర్వాత ఒక్కొక్కరి షెడ్డుకు వెళ్లి, ఏ పైపు చూసి ఆ ధర చెప్పారో చూపించమని అడిగాను. మొదటివారు 202 గ్రేడ్ పైపును 18 గేజ్‌లో లెక్కవేశారు. రెండోవారిది 304 గ్రేడ్, అదీ 18 గేజే. మూడోవారు సముద్రానికి దగ్గరని విని, మమ్మల్ని అడగకుండానే 316 గ్రేడ్‌ను, మరింత మందమైన పైపును లెక్కలోకి తీసుకున్నారు. ముగ్గురూ తమకు తోచినంతలో నిజాయితీగానే చెప్పారు. మొదటివారిని నిలదీస్తే, "మీరు స్టీల్ రైలింగ్ అన్నారు సార్, ఊళ్లో ఎక్కువమందికి వేసేది ఇదే" అన్నారు. ఆ మాటలో తప్పేమీ లేదు, ఎందుకంటే గ్రేడ్ చెప్పవలసింది నేను.

గ్రేడ్‌ను మనమే ఎందుకు నిర్ణయించాలి? ఆ విషయం తెలిసినవారు వాళ్లే కదా?

సలహా వారిని అడగవచ్చు, అడగాలి కూడా. అయితే ఆ సంభాషణ కొటేషన్ అడగడానికి ముందే ముగియాలి. ఎవరి గ్రేడ్‌కు వారు ధర చెబితే, మీ చేతికి వచ్చేది మూడు సలహాలే తప్ప మూడు ధరలు కావు.

విశాఖ తీరంలో ఈ నిర్ణయానికి బరువు ఎక్కువ. స్టెయిన్‌లెస్ స్టీల్ తుప్పు పట్టకపోవడానికి కారణం, అందులోని క్రోమియం వల్ల ఉపరితలం మీద ఏర్పడే అతిసన్నని పొర. సముద్రపు గాలిలోని ఉప్పులో ఉండే క్లోరైడ్ ఆ పొరను చిన్న చిన్న చుక్కలుగా ఛేదిస్తుంది. 202లో నికెల్ తక్కువగా ఉండి దాని స్థానాన్ని చాలావరకు మాంగనీస్ భర్తీ చేస్తుంది. అది ఇంటి లోపలి మెట్లకు పనికి వస్తుంది కానీ సముద్రానికి ఎదురుగా ఉన్న టెర్రస్‌కు తగదు. 304లో నికెల్ 8 శాతం లేదా అంతకు పైగా ఉంటుంది, ఊరి లోపలి భాగాలకు అది సరిపోతుంది. 316లో వీటికి తోడు 2 నుంచి 3 శాతం మాలిబ్డినం కలుస్తుంది, క్లోరైడ్‌ను తట్టుకునే శక్తి ప్రధానంగా దానివల్లే వస్తుంది. అలల శబ్దం వినిపించే టెర్రస్‌కు 316 అడగాలన్నది నా అభిప్రాయం.

316 వేసినా పూర్తిగా నిశ్చింతగా ఉండడానికి లేదు. వాన నేరుగా పడని చోట్ల ఉప్పు పేరుకుని టీ మరకల వంటి గోధుమరంగు చారలు వస్తాయి, అందువల్ల అప్పుడప్పుడు మంచినీటితో కడగవలసిందే. ఈ మాట ముందే చెప్పకపోతే ఆరు నెలల తర్వాత మరక కనిపించిన రోజున ఫ్యాబ్రికేటర్‌తో అనవసరమైన తగాదా వస్తుంది.

మరొక ప్రశ్న కూడా నన్ను చాలామంది అడిగారు. ఉక్కు నగరంలో ఉంటూ స్టీలు ఎక్కడిదని ఆలోచించడం దేనికని వారి సందేహం. విశాఖ ఉక్కు కర్మాగారం తయారుచేసేది కడ్డీలు, వైర్ రాడ్లు, స్ట్రక్చరల్స్ వంటి మామూలు ఉక్కు ఉత్పత్తులు, స్టెయిన్‌లెస్ కాదు. మన రైలింగ్ పైపు బయటి మిల్లుల నుంచి స్టాకిస్టుల ద్వారా చేతులు మారి వస్తుంది. కాబట్టి దానితో పాటు కాగితం కూడా రావాలని ముందే అడగాలి.

పైపు మందాన్ని గేజ్‌లో చెబితే సరిపోదా?

సరిపోదు. గేజ్‌కు ఒకటి కంటే ఎక్కువ పట్టికలు ఉన్నాయి, పైగా వాడుకలో ఆ మాట మరింత సాగుతుంది. 18 గేజ్ అంటే సుమారు 1.2 మిల్లీమీటర్లు, 16 గేజ్ అంటే సుమారు 1.6 మిల్లీమీటర్లు. అయితే "16 గేజ్" అని అడిగినప్పుడు 1.5 ఇచ్చేవారూ ఉన్నారు, ఇంకా పల్చనిది ఇచ్చి అదే 16 గేజ్ అనేవారూ ఉన్నారు. మిల్లీమీటర్లలో రాసి, ఆ కొలతకు కింది హద్దును కూడా రాస్తే వాదనకు చోటుండదు. నేను "మందం 1.5 మి.మీ., ఏ చోట కొలిచినా 1.4 మి.మీ.కు తగ్గరాదు" అని రాశాను.

ఈ చిన్న తేడా కంటికి కనిపించదు కానీ బరువులో, అంటే డబ్బులో, స్పష్టంగా కనిపిస్తుంది. గుండ్రటి స్టెయిన్‌లెస్ పైపు మీటరుకు ఎన్ని కిలోలు ఉంటుందో తెలుసుకోవడానికి బయటి వ్యాసంలోంచి మందాన్ని తీసివేసి, వచ్చిన దాన్ని మందంతో గుణించి, మళ్లీ 0.0249తో గుణించాలి. రెండంగుళాల పైపుకు, అంటే 50.8 మిల్లీమీటర్ల బయటి వ్యాసానికి, లెక్క ఇలా ఉంటుంది:

```
(50.8 - 1.5) x 1.5 x 0.0249 = 1.84
(50.8 - 1.2) x 1.2 x 0.0249 = 1.48
```

మొదటిది 1.5 మిల్లీమీటర్ల పైపు, రెండోది 1.2 మిల్లీమీటర్లది. మీటరుకు 360 గ్రాములు, అంటే దాదాపు ఐదో వంతు స్టీలు తగ్గింది. పాలిష్ చేసి బిగించాక రెండూ ఒకేలా మెరుస్తాయి.

కొలతలు ఇస్తే చాలా, డ్రాయింగ్ కూడా ఇవ్వాలా?

తెల్లకాగితం మీద చేత్తో గీసినదైనా సరే, ఒక డ్రాయింగ్ తప్పకుండా ఇవ్వాలి. "రెండు వందల అడుగుల రైలింగ్" అన్న మాటలో స్తంభాలు ఎంత దూరానికి ఒకటి, మధ్యలో నిలువు కడ్డీలు ఎన్ని అన్నవి లేవు. స్టీలులో పెద్ద భాగం పోయేది అక్కడే.

మా పిట్టగోడ ఎత్తు 60 సెంటీమీటర్లు. టెర్రస్ అంచున అడ్డు 1.0 నుంచి 1.2 మీటర్ల ఎత్తు ఉండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది కాబట్టి, గోడ మీద మరో 50 సెంటీమీటర్ల రైలింగ్ వేసి మొత్తం 1.1 మీటర్లు చేయాలనుకున్నాం. పైన 50.8 మిల్లీమీటర్ల పట్టు పైపు, అదే సైజు స్తంభాలు మీటరుకు ఒకటి, కింద 25.4 మిల్లీమీటర్ల అడ్డ పైపు, వాటి మధ్య 19 మిల్లీమీటర్ల నిలువు పైపులు వేయాలని గీశాం. నిలువు పైపుల మధ్య ఖాళీ 100 మిల్లీమీటర్లకు మించరాదని రాశాం. దాంతో ప్రతి రెండు స్తంభాల మధ్య ఎనిమిది పైపులు తప్పనిసరి అయ్యాయి. ఈ ఖాళీ సంగతి రాయకపోతే ఒకరు ఎనిమిది, మరొకరు ఐదు లెక్కవేస్తారు, ఐదు లెక్కవేసినవారే చవకగా కనిపిస్తారు. అడ్డ పైపులతో వేస్తే ఇంకా చవక కదా అని కొందరు అడిగారు. పిల్లలు వాటిని నిచ్చెనలా ఎక్కుతారు కాబట్టి నేను ఒప్పుకోలేదు.

పొడవును కూడా ఒక్కసారి మీరే టేపుతో కొలిచి, అందరికీ అదే అంకె ఇవ్వండి. మాది 60 మీటర్లు, మూలలతో కలిపి 64 స్తంభాలు. చివరి బిల్లు మాత్రం పని పూర్తయ్యాక, పట్టు పైపు వెంట కొలిచిన పొడవు మీదే ఉంటుందని రాయాలి.

ధరలో ఏమేమి కలిసి ఉండాలో ఎలా రాయాలి?

పైపులు కాక మిగిలినవన్నీ ఇక్కడికి వస్తాయి, కొటేషన్లు ఒకదానికొకటి పొంతన లేకుండా పోయేది కూడా ఎక్కువగా ఇక్కడే. పాత రైలింగ్‌ను ఎవరు కోసి దించుతారు, ఆ తుక్కు ఎవరిది, పిట్టగోడ మీద రంధ్రాలు వేశాక నీరు దిగకుండా ఎవరు మూస్తారు, ఐదో అంతస్తు పైకి సామాను ఎవరు చేరుస్తారు, వెల్డింగ్‌కు కరెంటు ఎవరిది అన్న ప్రతి ప్రశ్నకూ, కొటేషన్ కోరుతూ మనం రాసి పంపే ఎంక్వైరీలోనే జవాబు ఉండాలి.

వీటన్నిటిలో యాంకర్ బోల్టుల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. రైలింగ్ 316 వేసి, దాన్ని గోడకు పట్టి ఉంచే బోల్టులను మామూలు ఇనుపవి వేయడం తరచుగా జరిగే పొరపాటు. పెద్ద స్టెయిన్‌లెస్ పలకకు చిన్న ఇనుప బోల్టు తగిలి, ఉప్పు తేమ చేరితే, ఆ బోల్టు ఒంటరిగా ఉన్నప్పటి కంటే వేగంగా తుప్పు పడుతుంది. పైకి రైలింగ్ కొత్తదానిలా ఉంటుంది, లోపల పట్టు వదులుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు ఈ ఊళ్లో ఉన్నవారికి, టెర్రస్ మీది వస్తువుకు పట్టు ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు. అందుకే బేస్ ప్లేటు కొలత, మందం, ప్లేటుకు ఎన్ని బోల్టులు, వాటి గ్రేడ్, గోడలో ఎంత లోతుకు దిగాలి అన్నవి మా ఇంజనీరును అడిగి విడిగా రాయించాం. ఈ ఒక్క విషయంలో ఫ్యాబ్రికేటర్ అలవాటుకు వదిలేయవద్దని నేను గట్టిగా చెబుతాను.

అసలు ఎంక్వైరీ ఎలా ఉంటుందో ఒక నమూనా చూపగలరా?

మేము రెండోసారి పంపిన దానిలో ముఖ్యమైన భాగం ఇది:

"జత చేసిన డ్రాయింగ్ ప్రకారం 60 మీటర్ల టెర్రస్ రైలింగ్ సరఫరా, తయారీ, బిగింపులకు కొటేషన్ కోరుతున్నాము. పైపులు, ప్లేట్లు, బోల్టులు అన్నీ 316 గ్రేడ్‌లో ఉండాలి. 50.8 మి.మీ. పైపుల మందం 1.5 మి.మీ., ఏ చోట కొలిచినా 1.4 మి.మీ.కు తగ్గరాదు. మిగతా పైపుల మందం 1.2 మి.మీ. ఆర్గాన్ వెల్డింగ్‌కు 316 ఎల్ ఫిల్లర్ వాడాలి. వెల్డింగ్ వల్ల ఏర్పడిన రంగును పూర్తిగా తొలగించి పాలిష్ చేయాలి. మామూలు ఇనుముపై వాడిన గ్రైండింగ్ చక్రాన్ని దీనిపై వాడరాదు. ధరను బిగించిన రైలింగ్ మీటరుకు ఇంత అని చెప్పాలి. అందులో పాత రైలింగ్ తొలగింపు, రవాణా, బోల్టులు, రంధ్రాల మూసివేత కలిసి ఉండాలి. పాత తుక్కు సంఘానిదే. జీఎస్టీని విడిగా చూపాలి. ఇందులో ఏ అంశాన్నయినా పాటించలేకపోతే, ఆ అంశాన్ని 'మినహాయింపులు' అన్న శీర్షిక కింద విడిగా రాయాలి."

దీనికి తోడు కొటేషన్ ఎన్ని రోజులు చెల్లాలి, చివరి తేదీ ఎప్పుడు, చెల్లింపు ఏ దశలో ఎంత అన్న మూడు వాక్యాలు ఉన్నాయి. నికెల్ ధరతో పాటు స్టెయిన్‌లెస్ ధర మారుతూ ఉంటుంది కాబట్టి, చెల్లుబాటు గడువు లేని కొటేషన్ సంఘం సమావేశం జరిగేలోగా చేజారిపోవచ్చు. గ్రైండింగ్ చక్రం గురించిన వాక్యం అతిగా అనిపించవచ్చు. కానీ ఆ చక్రంలో చిక్కుకున్న ఇనుప రజను స్టెయిన్‌లెస్‌పై అంటుకుని, కొన్ని వారాలకే తుప్పు చుక్కలుగా బయటపడుతుంది, అప్పుడు నేరం గ్రేడ్ మీదికి పోతుంది.

ఒక సరఫరాదారు ఫోన్ చేసి సందేహం అడిగితే అతనికి మాత్రమే జవాబు చెప్పవచ్చా?

చెప్పకూడదు. జవాబును అందరికీ ఒకేసారి రాతపూర్వకంగా పంపాలి. మాకు ఒకరు ఫోన్ చేసి, మూలల్లో పైపును వంచాలా, కోసి అతికించాలా అని అడిగారు. నేను డ్రాయింగ్‌లో రాయడం మరచిన విషయం అది. వంచాలని నిర్ణయించి ముగ్గురికీ వాట్సాప్‌లో ఒకే సందేశం పంపాను. అయితే ఒకరు చెప్పిన ధరను మరొకరికి చూపి బేరమాడడం మాత్రం నాకు సమ్మతం కాదు. ధర తగ్గించుకున్నవారు ఆ తగ్గింపును పైపు మందంలోనో బోల్టు లోతులోనో రాబట్టుకుంటారు.

ఇంత వివరంగా అడిగినా కొటేషన్లు వేర్వేరు రూపాల్లో వస్తే ఏం చేయాలి?

వస్తాయి, మాకూ వచ్చాయి. అప్పుడు అన్నిటినీ ఒకే ప్రాతిపదికకు, అంటే పన్నుతో సహా మొత్తం పనికి అయ్యే ఖర్చుకు, తీసుకురావాలి. కింది అంకెలు మాకు ఆ వారంలో వచ్చినవి, వాటిని బజారు ధరలుగా తీసుకోవద్దు.

మొదటివారు మీటరుకు 5,400 రూపాయలు, జీఎస్టీ అదనం అన్నారు. 60 మీటర్లకు 3,24,000, దానిపై 18 శాతం 58,320, మొత్తం 3,82,320 రూపాయలు. రెండోవారు మీటరుకు 6,200, జీఎస్టీతో కలిపి అన్నారు. చూడగానే ఎక్కువనిపించినా మొత్తం 3,72,000 మాత్రమే. జీఎస్టీని విడిగా చూపమన్నా చూపలేదు కాబట్టి, అంత మొత్తమేనని రాతలో నిర్ధారించుకున్నాం.

మూడోవారు మీటరు లెక్క మాకు అలవాటు లేదంటూ కిలోకు 820 రూపాయలు రాశారు. పైన చెప్పిన సూత్రంతో మా డ్రాయింగ్‌లోని పైపులన్నీ లెక్కిస్తే సుమారు 300 కిలోలు తేలింది. ఆ లెక్కన పైపులకు 2,46,000, బోల్టులతో బేస్ ప్లేట్లు 64కు ఒక్కొక్కటి 550 చొప్పున 35,200, పాతది తీసివేయడానికి, రవాణాకు 18,000, జీఎస్టీతో కలిపి మొత్తం 3,53,056 రూపాయలు. ముగ్గురిలో ఇదే తక్కువ. అయితే ఇందులో బరువు అన్నది ఇంకా తేలని అంకె. తూకంలో 330 కిలోలు వస్తే, అదనపు 30 కిలోలకు పన్నుతో 29,028 చేరి మొత్తం 3,82,084 అవుతుంది, అప్పుడు రెండోవారే చవక. కాబట్టి ఆయనను ధర తగ్గించమని అడగలేదు, బిల్లు చేసే బరువు 300 కిలోలకు మించదని రాసి ఇవ్వగలరా అని మాత్రమే అడిగాం. ఆయన ఇవ్వలేనన్నారు. పనిని రెండోవారికి ఇచ్చాం.

వచ్చిన సామాను మనం అడిగినదేనని ఎలా తెలుస్తుంది?

పరీక్ష ఎలా చేస్తారో కూడా ఎంక్వైరీలోనే రాయాలి, ఎందుకంటే ఆ వాక్యం ధరను కూడా ప్రభావితం చేస్తుంది. మిల్లు ఇచ్చే టెస్ట్ సర్టిఫికెట్ నకలును అడిగి, దానిలోని హీట్ నంబరు, అంటే ఒక విడతలో కరిగించిన ఉక్కుకు మిల్లు ఇచ్చే నంబరు, పైపుల మీద గానీ కట్ట ట్యాగు మీద గానీ ఉన్న నంబరుతో సరిపోలుతోందో చూడాలి. స్టాకిస్టు కట్టలు విప్పి అమ్మినప్పుడు ఈ లంకె తెగిపోతుంది, అందువల్ల సర్టిఫికెట్ ఒక్కదానినే నమ్మవద్దు.

అయస్కాంతం పెట్టి చూసే పద్ధతి ఇక్కడ పనిచేయదు. 202, 304, 316 మూడూ అయస్కాంతానికి దాదాపు అంటుకోనివే. మాలిబ్డినం ఉన్నదీ లేనిదీ చెప్పే పరీక్ష ద్రావణం, చిన్న బ్యాటరీతో కలిపి దొరుకుతుంది, 304ను 316 నుంచి వేరు చేయడానికి అది చాలు. మరింత నిక్కచ్చిగా కావాలంటే ఒక ముక్కను లోహ పరీక్షలు చేసే ల్యాబ్‌కు పంపించి రసాయన విశ్లేషణ చేయించాలి. ఆ ఖర్చు ఎవరు భరించాలో కూడా ముందే రాయండి. పరీక్షలో నెగ్గితే సంఘం, తప్పితే సరఫరాదారు అని మేము రాశాం.

మందాన్ని కోసిన చివర దగ్గర మైక్రోమీటర్‌తో కొలవాలి, కోతకు లేచిన అంచును ముందు ఆకురాయితో రాసి తీసివేయాలి, లేకపోతే కొలత ఎక్కువగా చూపిస్తుంది. మాకు మొదటి విడతగా వచ్చిన 50.8 పైపుల్లో ఒక కట్ట తక్కిన వాటిలాగే ఉంది. కొలిస్తే ఆరు పైపుల్లో నాలుగు 1.22, 1.23 దగ్గర ఆగాయి. ఫ్యాబ్రికేటర్‌ను పిలిచి మైక్రోమీటర్ ఆయన చేతికే ఇచ్చాను. ఆయన రెండుసార్లు కొలిచి, స్టాకిస్టుకు ఫోన్ చేశారు. "ఏ చోట కొలిచినా 1.4కు తగ్గరాదు" అన్న వాక్యం ఆయన సంతకం చేసిన ఆర్డర్‌లో ఉండడం వల్ల మా మధ్య మాటా మాటా పెరగలేదు. ఆ కట్ట సాయంత్రానికి ఆటోలో వెనక్కి వెళ్లింది, మూడో రోజున వేరే కట్ట వచ్చింది, దానిలో అతి తక్కువ కొలత 1.46.